సొరుగులో దొరికిన కేబుల్: దీని మూతి పేరేంటి?

మినీ యూఎస్‌బీ, మైక్రో యూఎస్‌బీ రెంటినీ పక్కపక్కన పెట్టి పైనుంచి చూస్తే వెడల్పు ఒకటే. రెండూ 7 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. తేడా అంతా మందంలో ఉంది. మినీ మూతి సుమారు 3 మిల్లీమీటర్ల మందం, మైక్రో 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ మిల్లీమీటరు తేడాను కంటి అంచనాకు వదిలేసి, పట్టదని తెలియక గట్టిగా నొక్కడం వల్లే ఎన్నో కెమెరాల, ఫోన్ల చార్జింగ్ రంధ్రాలు పాడయ్యాయి. లోపల ఉండే సన్నటి నాలుక ఒక్కసారి వంగిందంటే ఇక ఏ కేబుల్ పెట్టినా పనిచేయదు.

పాత ఫోన్లు, కెమెరాలు, సెట్‌టాప్ బాక్సులు ఇంట్లోంచి వెళ్లిపోయినా వాటి కేబుళ్లు మాత్రం వెళ్లవు. సొరుగులో చుట్టలు చుట్టుకుని మిగిలిపోతాయి. అవసరం పడిన రోజు ఒకటి తీసి చూస్తే, ఒక కొస ఏదో తెలుస్తుంది, రెండో కొస ఏమిటో తెలియదు. దాని పేరు చెప్పగలిగితే, అది మన పరికరానికి సరిపోతుందా, సరిపోకపోతే కొట్లో ఏమని అడగాలి అన్న రెండింటికీ జవాబు దొరికినట్టే. పేరు పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక స్కేలు, ఫోన్ కెమెరా, టార్చి వెలుతురు చాలు.

చూడాల్సినవి నాలుగే

మొదట చూడాల్సింది చేతిలో ఉన్నది దూరేదా, దూర్చుకునేదా అని. దూరేదాన్ని ప్లగ్గు అంటాం, దూర్చుకునేదాన్ని సాకెట్టు అంటాం. సొరుగులోని కేబుళ్లలో నూటికి తొంభై ప్లగ్గులే. ఎక్స్‌టెన్షన్ కేబుళ్లకు మాత్రం ఒక కొస సాకెట్టు ఉంటుంది. ఈ ఒక్క మాట తెలియకపోతే కొట్లో తప్పు కేబుల్ చేతిలో పెడతారు.

రెండోది ఆకారం. మూతిని ముఖానికి ఎదురుగా పట్టుకుని చూడాలి. పక్కనుంచి చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. పొడవాటి చతురస్రమా, ఒక అంచు పెద్దదిగా మరో అంచు చిన్నదిగా ఉన్న సమలంబమా, రెండు కొసలూ గుండ్రంగా తిరిగిన కోడిగుడ్డు ఆకారమా, లేక పూర్తి గుండ్రమా? యూఎస్‌బీ-ఎ అంటే కంప్యూటర్‌కీ చార్జర్‌కీ పెట్టే మామూలు మూతి. అది పొడవాటి చతురస్రం, వెడల్పు 12 మిల్లీమీటర్లు, మందం నాలుగున్నర. ప్రింటరుకు పెట్టేది యూఎస్‌బీ-బి. అది దాదాపు చదరంగా ఉండి పై రెండు మూలలు కోసినట్టు ఉంటుంది. ఇప్పటి ఫోన్లకు పెట్టే టైప్-సి గుండ్రటి కొసలది. అటూ ఇటూ తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి పైకీ కిందికీ తేడా ఉండదు. ఐఫోన్ 5 నుంచి 14 దాకా వాడిన లైట్నింగ్ మూతికి చుట్టూ లోహపు గూడు ఉండదు. పల్చటి నాలుక బయటికి వచ్చి, దాని మీదే ఎనిమిది పట్టీలు కనబడతాయి. ఇది చూసిన వెంటనే గుర్తుపట్టొచ్చు.

మూడోది కొలత. స్కేలు మూతి మీద ఆనించి ఒకసారి వెడల్పు, ఒకసారి మందం చూడాలి. పక్కనున్న ప్లాస్టిక్ పిడిని కలపకుండా లోహపు భాగాన్ని మాత్రమే కొలవాలి. పిడిని ఏ కంపెనీ ఎంత లావుగా అయినా పోత పోసుకోవచ్చు. లోహపు భాగం కొలత మాత్రం ప్రమాణంలో రాసి ఉన్నదే.

నాలుగోది లోపలి కాంటాక్టుల లెక్క. బంగారు రంగులో సన్నటి గీతల్లా కనబడేవే ఇవి. కంటితో లెక్కపెడితే పొరపాటు పడతాం. మూతిలోకి టార్చి వేసి ఫోన్‌తో ఒక ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసుకుని లెక్కపెడితే సందేహం ఉండదు. చాలామంది ఈ నాలుగో పని చేయరు. అసలు చిక్కు తేలేది అక్కడే.

పాత కెమెరా కథ

ఒక ఉదాహరణ పూర్తిగా నడిపి చూద్దాం. పదిహేనేళ్ల నాటి చిన్న నికాన్ కూల్‌పిక్స్ కెమెరా ఒకటి బయటపడింది. లోపల పెళ్లి ఫొటోలు ఉన్నాయి. సొరుగులో మూడు కేబుళ్లు దొరికాయి. మూడింటికీ ఒక కొస యూఎస్‌బీ-ఎ. దాని గురించి గొడవ లేదు. రెండో కొస మూడింటికీ చిన్నదే, నల్లటిదే. ఏది ఈ కెమెరాది?

మొదటి కేబుల్ మూతి ఎదురుగా పట్టుకుంటే పల్చగా, ఒక అంచు మూలలు కోసినట్టు ఉంది. వెడల్పు 7 మిల్లీమీటర్లకు తక్కువ, మందం 2 లోపు. లోహపు గూడు మీద ఒక వైపు రెండు చిన్న కొక్కేలు పొడుచుకుని ఉన్నాయి. వేలితో రాస్తే తగులుతాయి. ఇక లెక్కపెట్టనక్కర్లేదు, ఇది మైక్రో-బి. సాకెట్టులోకి వెళ్లాక జారిపోకుండా పట్టి ఉంచడానికే ఆ కొక్కేలు. 2007లో వచ్చిన ఈ మూతి, 2010 తర్వాత చాలా ఏళ్లపాటు దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఉండేది. మొబైల్ కొట్లలో దీన్ని ‘వీ8’ కేబుల్ అని కూడా అంటారు. ఏ పేరుతో అడిగినా అదే ఇస్తారు.

రెండో కేబుల్ మూతి మందంగా ఉంది. కొలిస్తే 3 మిల్లీమీటర్లు. రెండు పక్కలూ మధ్యలో లోపలికి నొక్కినట్టున్నాయి. ఫొటో తీసి చూస్తే అయిదు కాంటాక్టులు. ఇది మినీ-బి. 2000లో యూఎస్‌బీ 2.0తో పాటు వచ్చింది. డిజిటల్ కెమెరాలు, పాటలు వినే ఎంపీ3 ప్లేయర్లు, తొలినాటి పోర్టబుల్ హార్డ్ డిస్కులు, ప్లేస్టేషన్ 3 రిమోట్లు దీంతోనే నడిచాయి. ఇప్పటికీ కొన్ని కారు కెమెరాలకు ఇదే ఉంటుంది.

కెమెరా మినీ-బి కాలానిది కదా, రెండోదే అయి ఉంటుందని పెట్టబోతాం. అది పట్టదు. మూల దాకా వచ్చి ఆగిపోతుంది. ఇక్కడే చాలామంది ‘దుమ్ము పట్టిందేమో’ అనుకుని గట్టిగా నొక్కుతారు. నొక్కకూడదు. సరైన మూతి అయితే వేళ్ల కొసలతో పట్టుకుని తోసినా లోపలికి వెళ్తుంది. వెళ్లకపోతే కారణం ఆకారంలో ఉందన్న మాట.

మూడో కేబుల్ తీస్తే, అది మినీకి తమ్ముడిలా ఉంటుంది కానీ దానికంటే పల్చన. రెండు మూలలు మాత్రమే కోసి ఉంటాయి. పక్కల నొక్కు లేదు. మైక్రోకుండే కొక్కేలూ లేవు. ఫొటో పెద్దది చేసి లెక్కపెడితే ఎనిమిది కాంటాక్టులు. యూఎస్‌బీ ప్రమాణంలో ఎనిమిది కాంటాక్టుల చిన్న మూతి అంటూ ఏదీ లేదు. అంటే ఇది కెమెరా కంపెనీలు సొంతంగా వాడుకున్న మూతి. నికాన్ ఈ కేబుల్‌ను యూసీ-ఈ6 అన్న పేరుతో ఇచ్చేది. ఇదే మూతి ఆ కాలంలో మరికొన్ని కంపెనీల చిన్న కెమెరాలకూ పట్టేది. మన కెమెరాది ఇదే.

అయిదు చాలే దగ్గర ఎనిమిది ఎందుకు పెట్టారు? యూఎస్‌బీ 2.0కు అసలు కావాల్సినవి నాలుగే తీగలు: కరెంటుకు రెండు, సమాచారానికి రెండు. మినీ, మైక్రో మూతుల్లో అయిదోది గుర్తింపు కాంటాక్టు. కేబుల్ పెట్టగానే పరికరం తాను కంప్యూటర్‌లా ప్రవర్తించాలో, కంప్యూటర్‌కు తగిలించిన వస్తువులా ప్రవర్తించాలో దాన్ని బట్టి తెలుసుకుంటుంది. ఫోనుకు పెన్ డ్రైవ్ పెట్టుకోవడానికి వాడే ఓటీజీ కేబుల్లో ఈ అయిదో కాంటాక్టును భూమి తీగకు కలిపి ఉంచుతారు. అదే ఆ కేబుల్‌కూ మామూలు కేబుల్‌కూ లోపలి తేడా. కెమెరాల వాళ్లకు మరో అవసరం ఉండేది. ఫొటోలను తిన్నగా టీవీలో చూపించాలి. అందుకని అదే చిన్న రంధ్రం నుంచి టీవీకి వెళ్లే బొమ్మ, శబ్దం సంకేతాలు కూడా బయటికి తెచ్చారు. వాటి కోసమే అదనపు కాంటాక్టులు. ఈ కెమెరాలతో పాటు ఒక కొస ఎనిమిది కాంటాక్టుల మూతి, మరో కొస పసుపు, తెలుపు రంగుల టీవీ పిన్నులున్న రెండో కేబుల్ కూడా వచ్చేది. సొరుగులో అదీ దొరకవచ్చు. అది కంప్యూటర్‌కు పనికిరాదు.

మూడు కేబుళ్లలోనూ ఆ ఎనిమిదిది లేకపోతే? కొనడానికి తిరగడం కంటే తేలికైన దారి ఉంది. కెమెరా అడుగు మూత తీసి మెమరీ కార్డును బయటికి లాగి, కార్డ్ రీడర్‌లో పెడితే ఫొటోలు వచ్చేస్తాయి. కెమెరా సొంత మెమరీలో ఉన్నవాటికి మాత్రమే కేబుల్ తప్పనిసరి.

ఈ కుటుంబంలో కంగారు పెట్టే మూతి ఇంకొకటుంది. మైక్రో-బి పక్కన ఇంకో చిన్న మూతిని అతికించినట్టు, 12 మిల్లీమీటర్ల వెడల్పున ఉంటుంది. అది యూఎస్‌బీ 3.0 మైక్రో-బి. పది కాంటాక్టులు. పోర్టబుల్ హార్డ్ డిస్కులకు వచ్చేది ఇదే. దాని సాకెట్టులో పెద్ద అరలోకి మామూలు మైక్రో-బి కూడా పడుతుంది. అప్పుడు డిస్కు పనిచేస్తుంది గానీ యూఎస్‌బీ 2.0 వేగంతోనే. సినిమాలు కాపీ కావడానికి గంటలు పడుతోందంటే ముందు అక్కడ ఏ కేబుల్ పెట్టామో చూసుకోవాలి.

గుండ్రటి పిన్ను దగ్గర జాగ్రత్త

ఇంతవరకూ పేరు తప్పితే మహా అయితే పట్టదు. గుండ్రటి పిన్ను అలా కాదు. అది తప్పు పరికరానికి కూడా చక్కగా పడుతుంది. నష్టం పడ్డాకే తెలుస్తుంది.

ముందు చూడాల్సింది కొస గట్టిదా, బోలుదా అని. గట్టిగా, మొన తేలి, మధ్యలో నల్లటి వలయాలు ఉంటే అది హెడ్‌ఫోన్ల వంటి శబ్దం పిన్ను. మామూలుగా 3.5 మిల్లీమీటర్ల లావు. రెండు వలయాలుంటే ఎడమ, కుడి శబ్దాలు వస్తాయి. మూడుంటే మైకు కూడా ఉన్నట్టు. కొస బోలుగా, మధ్యలో రంధ్రంతో ఉంటే అది కరెంటు పిన్ను. పాత నోకియా లావు పిన్ను కూడా 3.5 మిల్లీమీటర్లే, తర్వాత వచ్చిన సన్న పిన్ను 2 మిల్లీమీటర్లు. కాబట్టి లావు ఒక్కటే చూసి తేల్చకూడదు, కొసలో రంధ్రం ఉందా లేదా చూడాలి.

బోలు పిన్నుకు రెండు కొలతలు చెప్పాలి: బయటి వ్యాసం, లోపలి రంధ్రం వ్యాసం. వైఫై రౌటర్లు, సీసీ కెమెరాలు, సెట్‌టాప్ బాక్సుల్లో ఎక్కువగా కనబడేది 5.5 బై 2.1. దాని కవల 5.5 బై 2.5. బయటినుంచి రెండూ ఒకటే. తేడా లోపలి రంధ్రంలో, అదీ అర మిల్లీమీటరు కూడా లేదు. రెంటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో తెలిస్తే ఏది ఏదో పట్టుకోవచ్చు. 2.1 పిన్ను 2.5 సాకెట్టులోకి అసలు దూరదు. లోపలి కడ్డీ లావెక్కువ. 2.5 పిన్ను 2.1 సాకెట్టులోకి హాయిగా దూరుతుంది, కానీ వదులుగా ఉంటుంది. రౌటరు వెలుగుతుంది, బల్ల కదిలితే ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. రోజుకు పదిసార్లు ఇంటర్నెట్ పోతోందని ఫిర్యాదు చేసే ఇళ్లలో అడాప్టర్ మార్చారా అని అడిగి చూడండి. కారణం అక్కడ దొరకవచ్చు.

వెర్నియర్ కాలిపర్ లేనివాళ్లకు డ్రిల్లు బిట్టు పనికొస్తుంది. 2.3 లేదా 2.4 మిల్లీమీటర్ల బిట్టు వెనక కొసను, అడాప్టర్‌ను గోడ ప్లగ్గు నుంచి తీసేశాక, రంధ్రంలో పెట్టి చూడాలి. దూరితే 2.5, దూరకపోతే 2.1. ఈ కొలత చేతిలో ఉంటే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ వీధికి వెళ్లి ‘అయిదున్నర బై రెండున్నర’ అని అడిగితే చాలు, మళ్లీ ఇంటికి వచ్చి అడాప్టర్ పట్టుకెళ్లే పని ఉండదు.

అయితే పిన్ను పేరు ఇక్కడ సగం పనే చేస్తుంది. 5.5 బై 2.1 అన్నది ఆకారం పేరు. అందులో వచ్చే కరెంటు ఎంతో అది చెప్పదు. ఒకే రకం పిన్నుతో 5, 9, 12 వోల్టుల అడాప్టర్లు, ఇంకా ఎక్కువవీ ఉన్నాయి. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఒకప్పుడు ఒక్కో వోల్టేజి శ్రేణికి ఒక్కో కొలత పిన్ను అని ప్రమాణం పెట్టింది. కొన్ని కంపెనీలు పాటించాయి, మిగతా లోకం పాటించలేదు. అందుకే 9 వోల్టుల రౌటరుకు 12 వోల్టుల అడాప్టర్ ఏ అడ్డూ లేకుండా దూరుతుంది. లోపలి భాగాలు కొన్నిసార్లు తట్టుకుంటాయి, కొన్నిసార్లు కాలిపోతాయి.

కాబట్టి అడాప్టర్ మీది అచ్చు అక్షరాలు చదవాలి. అందులో ‘అవుట్‌పుట్’ అన్న వరుస మాత్రమే మనకు కావాలి. ‘ఇన్‌పుట్’ వరుసలో కనబడే 100–240 గోడ కరెంటు సంగతి. అవుట్‌పుట్‌లో వోల్టులు పరికరం అడిగినంతే ఉండాలి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. ఆంపియర్లు మాత్రం పరికరం అడిగినంత లేదా అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. 12 వోల్టుల 1 ఆంపియర్ రౌటరుకు 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టినా ఏమీ కాదు. పరికరం తనకు కావాల్సినంతే లాక్కుంటుంది. 0.5 ఆంపియర్ల అడాప్టర్ పెడితే వేడెక్కుతుంది, రౌటరు మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది.

వోల్టులు, ఆంపియర్ల తర్వాత ఒక చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, దాని చుట్టూ అరవలయం, రెండింటి నుంచి గీతలు వెళ్లి ప్లస్, మైనస్ గుర్తులకు కలుస్తాయి. చుక్కకు ప్లస్ కలిస్తే లోపలి రంధ్రం ధనం, బయటి గొట్టం రుణం. ఇళ్లలోని పరికరాల్లో ఎక్కువ ఇవే. తిరగబడినవీ ఉన్నాయి. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ల 9 వోల్టుల పెడళ్లకు లోపల మైనస్ ఉండటం ఆనవాయితీ. పిన్ను సరిపోయి, వోల్టులు సరిపోయి, ఈ బొమ్మ తిరగబడితే పరికరం పోవచ్చు.

అచ్చు చెరిగిపోయి ఉంటే ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే మల్టీమీటరే దిక్కు. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ కొసను పిన్ను రంధ్రంలో, నల్లదాన్ని బయటి గొట్టానికి ఆనిస్తే అంకె కనబడుతుంది. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే లోపల మైనస్ అని అర్థం. కొన్ని ల్యాప్‌టాప్ అడాప్టర్లు 20 వోల్టులవి ఉంటాయి కాబట్టి తెరమీద అంకె బదులు 1 ఒక్కటే కనబడితే మీటరును పై శ్రేణికి తిప్పాలి. చేతిలో బరువుగా, ఇటుక ముక్కలా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ అయితే 9 అని రాసి ఉన్నా ఖాళీగా కొలిచినప్పుడు 12 దాటి చూపవచ్చు. పరికరం తగిలించాక అది దిగుతుంది. తేలికపాటి కొత్త అడాప్టర్లలో అంకె రాసినదానికి దగ్గరగానే ఉంటుంది.

కరెంటు కోతలున్న ఊళ్లలో పవర్ బ్యాంకు నుంచి రౌటరు నడపడానికి ఒక కొస యూఎస్‌బీ-ఎ, మరో కొస గుండ్రటి పిన్ను ఉన్న కేబుళ్లు కొంటున్నారు. ఇవి రెండు రకాలు. ఒకటి ఉత్త తీగ. యూఎస్‌బీ 5 వోల్టులే పిన్ను దగ్గరకూ వస్తాయి. రెండోదాని మధ్యలోనో, కొసలోనో లావుపాటి బొడిపె ఉంటుంది. అందులోని చిన్న సర్క్యూటు 5 వోల్టులను 9కో 12కో పెంచుతుంది. సొరుగులో బొడిపె ఉన్న ఇలాంటి కేబుల్ దొరికితే, 5 వోల్టుల చిన్న స్పీకరుకో బొమ్మకో పెట్టే ముందు బొడిపె మీద ఏ అంకె రాసుందో చదవాలి.

పేరు ఒకటే, లోపల వేరు

ఈ చిక్కు గుండ్రటి పిన్నుకే పరిమితం కాదు. కేబుల్ రెండు కొసలూ కళ్లెదుట ఉన్నా, మధ్యలోని తీగలు ప్లాస్టిక్ తొడుగులో ఉంటాయి. మైక్రో-బి కేబుళ్లలో చాలా వాటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి. చవక టార్చిలతో, హెడ్‌సెట్లతో పాటు వచ్చేవి తరచూ ఇలాంటివే. చార్జింగ్ అవుతుంది, ఫొటోలు మాత్రం కంప్యూటర్‌లోకి రావు. వాటిలో కొన్నింటి యూఎస్‌బీ-ఎ మూతిలోకి చూస్తే నాలుగు కాంటాక్టులకు బదులు అంచులవి రెండే కనబడతాయి. అంచులవే కరెంటువి. అవి మధ్యవాటికంటే కాస్త పొడవు కూడా. ముందు కరెంటు అంది, తర్వాత సమాచారం తగలాలని అలా చేశారు. నాలుగూ కనబడినా తీగలు నాలుగూ ఉన్నాయని హామీ లేదు. తేల్చుకోవడానికి ఫోనును ఆ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. ఫైళ్లు పంపాలా అన్న ప్రశ్న ఫోను మీద వస్తే సమాచారం తీగలు ఉన్నట్టే. మరో మంచి కేబుల్‌తో వచ్చి, దీంతో రాకపోతే ఇది చార్జింగుకు మాత్రమే.

టైప్-సి దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. 2014లో ఈ మూతిని తెచ్చినప్పుడు ఫోను నుంచి మానిటర్ దాకా అన్నిటికీ ఒకటే రంధ్రం ఉండాలనుకున్నారు. అందుకని లోపల 24 కాంటాక్టుల చోటు పెట్టారు, పైన పన్నెండు, కింద పన్నెండు. అన్ని కేబుళ్లలో అన్నీ నింపరు. ఫోనుతో వచ్చే చార్జింగ్ కేబుల్లో చాలావరకు యూఎస్‌బీ 2.0కు సరిపడా తీగలే ఉంటాయి. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు. అదే ఆకారంలోని మరో కేబుల్ 40 గిగాబిట్ల వేగంతో పనిచేస్తుంది. మొదటిదాన్ని ల్యాప్‌టాప్‌కూ మానిటర్‌కూ మధ్య పెడితే తెర నల్లగానే ఉంటుంది. మానిటర్ చెడిపోయిందనుకుంటాం.

కరెంటు సంగతీ అంతే. రెండు కొసలా టైప్-సి ఉన్న ప్రమాణబద్ధమైన కేబుల్ ఏదైనా 3 ఆంపియర్లు, 60 వాట్ల దాకా మోయగలదు. అంతకు మించి మోయాలంటే మూతిలో ఒక చిప్పు ఉండాలి. ‘నేను 5 ఆంపియర్లు భరిస్తాను’ అని చార్జర్‌కు అది చెబుతుంది. చిప్పు లేకపోతే చార్జర్ 3 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. 100 వాట్ల చార్జర్ కొన్నా ల్యాప్‌టాప్ నెమ్మదిగా చార్జ్ అవడానికి ఇదొక కారణం. చిప్పు బయటికి కనబడదు. మూతి పిడి మీద 60 అనో, 100 అనో, 240 అనో వాట్లు, లేదా 40 వంటి వేగం అంకె అచ్చు వేసి ఉంటే అదే ఆధారం. ఏమీ రాసి లేకపోతే మామూలు చార్జింగ్ కేబుల్ అనుకుని వాడుకోవడం మేలు. మూతిలోకి టార్చి వేసి చూస్తే పట్టీలు అక్కడక్కడా ఖాళీగా ఉంటే అది ఖాయమైనట్టే.

కాబట్టి ఒకసారి తేల్చుకున్న కేబుల్‌ను ఊరికే సొరుగులో పడేయకుండా, కొసకు తెల్ల టేపు చుట్టి పెన్నుతో రాసి పెట్టుకోవాలి. ‘మినీ-బి, డేటా ఉంది’, ‘మైక్రో-బి, చార్జింగ్ ఒక్కటే’, ‘ఎనిమిది పిన్నులు, పాత కెమెరా’. అడాప్టర్ అయితే వోల్టులు, ఆంపియర్లు, పిన్ను రెండు కొలతలు, మధ్యలో ప్లస్సో మైనస్సో, ఏ పరికరంతో వచ్చిందో. మూతి సరిగ్గా కూర్చున్నా వోల్టులేమిటో చివరికీ తెలియని అడాప్టర్ మిగిలితే దాన్ని దాచకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి. ఎప్పుడో ఒకరోజు హడావిడిలో ఎవరో ఒకరు దాన్నే రౌటరుకు పెడతారు.